సంపన్న దేశంలోనూ తప్పని ఎంపిక

గోదాముల్లో గింజలు నిండుకున్నప్పుడే కొరత వస్తుందని సాధారణంగా అనుకుంటారు. అర్థశాస్త్రం అలా అనుకోదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆచార్యుడు లయొనెల్ రాబిన్స్ 1932లో ఈ శాస్త్రానికి ఇచ్చిన నిర్వచనంలో పేద దేశం, ధనిక దేశం అన్న తేడాయే లేదు. మనిషి తీర్చుకోవాలనుకునేవి అనేకం. వాటిని తీర్చే సాధనాలు పరిమితం. ఒక్కో సాధనాన్నీ ఒక పనికి కాకపోతే మరో పనికి వాడుకోవచ్చు. ఈ మూడూ కలిసిన చోట ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. అలా వదులుకున్న దాని విలువే అవకాశ వ్యయం.

ఇంటర్ పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాల్లో ముగిసే ఈ విషయాన్ని స్కూలు ఎకనామిక్స్ క్లబ్బులో ప్రసంగంగా చెప్పాలంటే చిక్కు వస్తుంది. “అమెరికాలాంటి దేశానికి డబ్బుకేం తక్కువ? అక్కడ కొరతేమిటి?” అని శ్రోతల్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నకు ఎడారిలో నీళ్ల కథ సమాధానం కాదు. అమెరికాలోనే అరవై ఏళ్లకు పైగా నడుస్తున్న కిడ్నీ వైద్యం కథ సమాధానం అవుతుంది. అందులో డబ్బు లేనప్పటి కొరతా ఉంది, డబ్బు వచ్చాక మిగిలిన కొరతా ఉంది.

ఒంట్లో రక్తాన్ని వడగట్టే పని కిడ్నీలది. రెండూ పూర్తిగా చెడిపోతే మనిషి కొన్ని వారాలకు మించి బతకడం కష్టం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నెదర్లాండ్స్ వైద్యుడు విలెమ్ కోల్ఫ్ ఆ వడపోతను బయటి యంత్రంతో చేయించాడు. అయితే రోగిని యంత్రానికి తగిలించిన ప్రతిసారీ ఒక ధమనినీ ఒక సిరనూ కోయాల్సి వచ్చేది. పనికొచ్చే రక్తనాళాలు కొద్దిసార్లకే అయిపోయేవి. అందువల్ల ఆ యంత్రం తాత్కాలికంగా కిడ్నీలు మొరాయించిన వారిని గట్టెక్కించగలిగింది కానీ, శాశ్వతంగా చెడినవారికి అక్కరకు రాలేదు.

1960లో సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ ఈ ఇబ్బందిని దాటాడు. టెఫ్లాన్‌కు రక్తం అంత తేలిగ్గా అంటుకోదు. ఆ టెఫ్లాన్‌తో చేసిన సన్నటి గొట్టాలను రోగి చేతిలో, ఒకటి ధమనికి, మరొకటి సిరకు శాశ్వతంగా అమర్చాడు. యంత్రం అవసరం లేని రోజుల్లో రెండు గొట్టాల కొసల్నీ కలిపేస్తే రక్తం అందులోంచి పారుతూనే ఉంటుంది, గడ్డకట్టదు. మళ్లీ యంత్రానికి తగిలించాలంటే ఆ ముడి విప్పితే చాలు, కొత్తగా కోత అక్కర్లేదు. ఆ ఏడాది మార్చిలో ఈ అమరికతో వైద్యం మొదలుపెట్టిన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ బోయింగ్ కంపెనీలో మెషినిస్టు. ఇంకెన్నో రోజులు బతకడనుకున్న మనిషి మరో పదకొండేళ్లు బతికాడు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. మామూలు ఆసుపత్రిలో జ్వరం రోగి వారానికి ఇంటికి వెళ్తాడు, మంచం ఖాళీ అవుతుంది. డయాలసిస్ మంచం ఖాళీ కాదు. ఆ రోజుల్లో ఒక్కొక్కరికి వారానికి రెండుసార్లు, ప్రతిసారీ పది పన్నెండు గంటల చొప్పున చేసేవారు. రాత్రికి ఒక్కరి చొప్పున వారంలో ఆరు రాత్రులు నడిపినా ఒక మంచం మీద ముగ్గురికి మించి పట్టరు. ఆ ముగ్గురూ చనిపోయేదాకా నాలుగో మనిషికి చోటుండదు. వైద్యం ఎంత బాగా పనిచేస్తే కొత్తవారికి తలుపు అంత గట్టిగా మూసుకుంటుంది. ఒక్కొక్కరికి ఏడాదికి అయ్యే ఖర్చు 10 వేల డాలర్లకు పైమాటే. అప్పట్లో మధ్యతరగతి కుటుంబం ఏడాది సంపాదనంతా కలిపినా అంతకు చేరేది కాదు. బీమా కంపెనీలు ఇది ఇంకా ప్రయోగదశలోనే ఉందన్నాయి.

1962 జనవరిలో సియాటెల్ కృత్రిమ కిడ్నీ కేంద్రం తెరిచేనాటికే, చేర్చుకోగలిగిన వారికంటే చేర్చుకోవలసిన వారు ఎక్కువని తేలిపోయింది. వడపోత రెండు అంచెల్లో జరిగింది. మొదట వైద్యుల సంఘం 45 ఏళ్లు దాటినవారిని, పిల్లలను, ఇతర పెద్ద జబ్బులున్నవారిని పక్కన పెట్టింది. అది వైద్యపరమైన నియమంలా కనిపిస్తుంది కానీ, 46 ఏళ్లవాడికి ఈ వైద్యం పనిచేయదని ఎవరూ రుజువు చేయలేదు. సంఖ్య తగ్గించడానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు. అలా మిగిలినవారిలో ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ఏడుగురితో రెండో సంఘం కూర్చుంది. ఒక న్యాయవాది, ఒక మతబోధకుడు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. వారి పేర్లు బయటికి రాలేదు. రోగుల పేర్లు వారికీ చెప్పలేదు.

ఈ ఏడుగురి ముందు కొలబద్ద అంటూ ఏదీ లేదు. 1962 నవంబరులో ‘లైఫ్’ పత్రికలో షానా అలెగ్జాండర్ రాసిన కథనంతో వారు ఏమేమి చూస్తున్నారో దేశానికి తెలిసింది. వయసు, పెళ్లి, పిల్లల సంఖ్య, ఆస్తి, చదువు, వృత్తి, మనోనిబ్బరం, గతంలో చేసిన సేవ, ముందు ముందు చేయగల సేవ. దూరపు ఊళ్లో ఉండే గృహిణి విషయంలో, ఆ కుటుంబానికి సియాటెల్‌కు కాపురం మార్చుకునే స్తోమత ఉందా అన్న మాట కూడా వచ్చింది. పెద్దమనుషులు న్యాయంగానే ఆలోచించారు. అయినా వారు ఎంచుకున్నవారు చాలావరకు తమలాంటివారే, ఉద్యోగం చేసుకుంటూ క్రమం తప్పకుండా చర్చికి వెళ్లే సంసారులే అని విమర్శకులు గట్టిగా అన్నారు. ఏకాకి, తిరుగుబోతు, సమాజాన్ని లెక్కచేయని రచయిత వంటివారికి ఆ గదిలో గెలుపు ఉండదన్న విమర్శ న్యాయశాస్త్ర పత్రికల దాకా వెళ్లింది.

ఒక్క మాట ఆ సంఘం పక్షాన చెప్పాలి. నిర్ణయాన్ని అది సృష్టించలేదు. అంతకుముందు డబ్బున్నవారు, పెద్ద డాక్టర్లు తెలిసినవారు, ముందుగా వచ్చినవారు బతికేవారు, మిగతావారు లెక్కలోకి రాకుండానే పోయేవారు. ఏడుగురు బల్ల చుట్టూ కూర్చునేసరికి అదే ఎంపిక అందరికీ కనిపించింది. జనానికి కోపం తెప్పించింది ఎంపిక కంటే ఎక్కువగా, అది కంటికి కనిపించడమే.

కొరతను తెలివితో కొంత వెనక్కి నెట్టవచ్చనడానికి కూడా సియాటెల్‌లోనే ఉదాహరణ ఉంది. పెద్దవాళ్లకే అన్న నియమం వల్ల 16 ఏళ్ల హైస్కూలు అమ్మాయికి కేంద్రంలో చోటు దొరకలేదు. విశ్వవిద్యాలయ ఇంజినీరు ఆల్బర్ట్ బాబ్ బృందం కొద్ది నెలల్లోనే, 1964లో, ఇంట్లో పెట్టుకోగల యంత్రాన్ని తయారుచేసింది. ద్రావణాన్ని తానే కలుపుకొని, ఏదైనా తేడా వస్తే తానే ఆగి హెచ్చరించే యంత్రం అది. ఇంట్లో డయాలసిస్ మొదలయ్యాక ఆసుపత్రి మంచం అక్కర్లేకపోయింది, ఖర్చు బాగా తగ్గింది. అయితే ఆ భారం ఇంట్లోవాళ్ల రాత్రుల మీద పడింది. లెక్కపుస్తకంలో తగ్గిన ఖర్చు తల్లి నిద్రలో తేలుతుంది. ఇలాంటి వ్యయం జమాఖర్చుల్లో కనిపించదు కాబట్టి లేదనుకోవడం విధాన నిర్ణేతలకు అలవాటు.

డబ్బుకు సంబంధించిన కొరతను అమెరికా ఒక్క చట్టంతో తీర్చేసింది. 1971 నవంబరులో ప్రతినిధుల సభ సంఘం ఎదుట షెప్ గ్లేజర్ అనే రోగి, యంత్రానికి తగిలించుకుని రక్తం శుద్ధి అవుతుండగానే, తమ గోడు చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది సెప్టెంబరు చివర్లో సెనేటర్ వాన్స్ హార్ట్కీ తెచ్చిన సవరణ అరగంట చర్చతో 52–3 ఓట్లతో గట్టెక్కింది. అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశాడు. 1973 జులై 1 నుంచి, వయసుతో నిమిత్తం లేకుండా, కిడ్నీలు చెడిన దాదాపు ప్రతి ఒక్కరికీ వృద్ధుల వైద్య బీమా అయిన మెడికేర్ వర్తించింది. ఇక ఏ ఏడుగురూ బల్ల చుట్టూ కూర్చోనక్కర్లేదు.

తర్వాత జరిగిందే ఈ కథలో అర్థశాస్త్రానికి బాగా పనికొచ్చే భాగం. చట్టం వచ్చేనాటికి డయాలసిస్‌లో ఉన్నవారు సుమారు 10 వేల మంది. ఖర్చు ఎవరిదో తేలిపోయాక వయసు గీత చెరిగింది, మధుమేహం ఉన్నవారిని వద్దనే ఆచారం పోయింది. ఇవాళ డయాలసిస్ మీద ఉన్నవారు 5 లక్షలు దాటారు. మెడికేర్ లబ్ధిదారుల్లో కిడ్నీలు పూర్తిగా చెడినవారు నూటికి ఒకరు మాత్రమే. ఖర్చులో వారి వాటా మాత్రం చాలా ఏళ్లుగా నూటికి ఆరేడు వంతులు. ఇది తప్పని కాదు. ఆ డబ్బుతో బతికిన ప్రాణాలు నిజమైనవే. కానీ అదే డబ్బు కాన్సర్ రోగికో, గర్భిణులకో, రక్తపోటు పరీక్షలకో వెళ్లి ఉండవచ్చు. వారెవరూ ప్రతినిధుల సభ సంఘం ముందు యంత్రం తగిలించుకుని కూర్చోలేదు. ఆ స్థాయిలో ఒక జబ్బుకంతటికీ భరోసా ఇచ్చే హక్కు మిగతా పెద్ద జబ్బులకు దక్కలేదు. అంటే ఎంపిక ఆగిపోలేదు, ఏడుగురి బల్ల మీది నుంచి బడ్జెట్ పద్దులోకి మారింది. అక్కడ నష్టపోయేవారికి ముఖం ఉండదు.

అంత డబ్బు పోసినా కొనలేనిది ఇంకొకటి మిగిలింది. డయాలసిస్ కంటే కిడ్నీ మార్పిడితో రోగి ఎక్కువ కాలం, మెరుగ్గా బతుకుతాడు. మొదటి ఏడాది దాటాక ఖర్చు కూడా తక్కువే. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే కవలల మధ్య తొలి విజయవంతమైన మార్పిడి చేసినప్పటి నుంచి శస్త్రచికిత్స బాగా ఆరితేరింది. కిడ్నీలే చాలవు. అమెరికాలో వాటికోసం ఎదురుచూసేవారు ఏ సమయంలో చూసినా సుమారు 90 వేల మంది. 2023లో జరిగిన మార్పిడులు 27 వేల పైచిలుకు. వాటిలో ఆరు వేలకు పైగా బతికున్న దాతలవి, తక్కినవి మరణించినవారివి.

బజారులో సరుకు చాలకపోతే ధర పెరుగుతుంది, కొందరు కొనడం మానుకుంటారు, కొందరు ఎక్కువ తయారుచేస్తారు. కిడ్నీ విషయంలో అమెరికా ఆ దారి మూసేసింది. 1984 నాటి జాతీయ అవయవ మార్పిడి చట్టం ప్రకారం అవయవం కొన్నా అమ్మినా 50 వేల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. భారత్‌లోనూ 1994 చట్టం ఇదే నిషేధం పెట్టింది. బతికున్న దాతకు దాదాపు 15 వేల డాలర్లు ఇస్తే క్యూ మాయమవుతుందని ఆర్థికవేత్తలు గ్యారీ బెకర్, హూలియో ఎలియాస్ 2007లో లెక్కవేశారు. ఇరాన్‌లో డబ్బిచ్చే పద్ధతి చట్టబద్ధంగానే నడుస్తోంది. అమ్ముకునేది అప్పుల్లో ఉన్నవాడే అవుతాడన్నది దానిమీద ఉన్న బలమైన అభ్యంతరం. ఆ అభ్యంతరాన్ని ఒప్పుకున్నవారు దానితోపాటు క్యూను కూడా ఒప్పుకోవాలి. ధర పంచని సరుకును మరేదో ఒకటి పంచాల్సిందే.

ఆ మరేదో ఒకటి ఇవాళ ఒక కంప్యూటర్ సూత్రం. రక్తం గ్రూపు కలవాలి, రోగి ఒంట్లో దాత కణాలను తిప్పికొట్టే ప్రతిరక్షకాలు ఉండకూడదు. అవి కుదిరాక చాలాకాలం పాటు ముందు వచ్చినవారికే ముందు అన్నట్టుగా ఎదురుచూసిన కాలానికే పెద్దపీట ఉండేది. 2014 డిసెంబరులో కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి కిడ్నీకీ దాత వయసు, రక్తపోటు, మధుమేహం, మరణకారణం వంటివి చూసి 0 నుంచి 100 దాకా ఒక అంకె వేస్తారు. అంకె ఎంత తక్కువైతే కిడ్నీ అంత గట్టిది. 20 లోపు కిడ్నీ సగటున పదకొండేళ్లకు పైగా, 21 నుంచి 85 దాకా ఉన్నది తొమ్మిదేళ్లు, ఆపైది ఐదున్నరేళ్లకు పైగా పనిచేస్తుందని అంచనా. రోగికీ ఒక అంకె ఉంటుంది. వయసు, డయాలసిస్‌లో గడిపిన ఏళ్లు, మధుమేహం, ఇంతకుముందు మార్పిడి జరిగిందా అన్న నాలుగింటిని బట్టి అతను మార్పిడి తర్వాత ఎంతకాలం బతకవచ్చో చెప్పే అంకె అది. మొదటి 20 శాతం కిడ్నీలు మొదటి 20 శాతం పెద్దవయసు రోగులకు, అంటే ఎక్కువకాలం బతికే అవకాశం ఉన్నవారికి, ముందుగా చూపిస్తారు. పిల్లలకు వేరుగా ప్రాధాన్యం ఉంది.

ఇద్దరు రోగులను ఊహిస్తే ఈ సూత్రం ఏం చేస్తుందో తెలుస్తుంది. ఒకరికి 28 ఏళ్లు, డయాలసిస్ మొదలై ఏడాది, మధుమేహం లేదు. రెండోవారికి 58 ఏళ్లు, మధుమేహం ఉంది, ఆరేళ్లుగా డయాలసిస్. ఇద్దరిదీ ఒకే రక్తం గ్రూపు. ఒకే వారంలో రెండు కిడ్నీలు వచ్చాయనుకుందాం, ఒకటి 12 అంకెది, మరొకటి 50 అంకెది. కేవలం వరుస ప్రకారమైతే గట్టి కిడ్నీ 58 ఏళ్లవారికి వెళ్తుంది. ఆయన ఇతర జబ్బులతో కన్నుమూసేనాటికి అందులో ఇంకా కొన్నేళ్ల సత్తువ మిగిలిపోవచ్చు. 50 అంకె కిడ్నీ 28 ఏళ్లవారికి వెళ్తే, అది దాదాపు తొమ్మిదేళ్లకు మొరాయించి, 37 ఏళ్లకే ఆయన మళ్లీ క్యూలోకి వస్తారు. అప్పుడు ఇంకొకరికి రావలసిన కిడ్నీని తీసుకుంటారు. ఆ మూడో మనిషి ఎవరో ఇవాళ ఎవరికీ తెలియదు. అవకాశ వ్యయం అంటే ఆ మూడో మనిషే. కొత్త సూత్రం 12ను చిన్నవారికి, 50ని పెద్దవారికి ఇస్తుంది.

లెక్క బాగానే ఉంది కానీ, ఆ వారం రెండో కిడ్నీ రాకపోతే? ఆరేళ్లుగా ఎదురుచూసిన మనిషి ఏడాది చూసినవారి కోసం పక్కకు జరగాలి. కలిపి వచ్చే ఆయుష్షు ఎక్కువ కావాలా, ఎక్కువకాలం కష్టపడ్డవారికి న్యాయం కావాలా అన్నదానికి వైద్యం దగ్గర జవాబు లేదు. 2011లో మరో అడుగు వేసి, 80 శాతం కిడ్నీలను దాతకు 15 ఏళ్లు అటూ ఇటూ వయసున్న రోగులకే ఇవ్వాలని ప్రతిపాదించారు. అది వయసు వివక్ష చట్టానికి అడ్డం వస్తుందని తేలడంతో విరమించారు. 2014 పద్ధతి రాజీ. 20 శాతం దగ్గర ఆయుష్షుకు, మిగతాచోట ప్రధానంగా ఎదురుచూపుకు విలువ ఇచ్చింది. 20కి బదులు 30 ఎందుకు కాకూడదంటే చెప్పగల శాస్త్రీయ కారణం ఏదీ ఉండదు. అదీ సియాటెల్ వైద్యులు గీసిన 45 ఏళ్ల గీతలాంటిదే.

ఇంత కొరతలోనూ మరణించిన దాతల నుంచి తీసిన కిడ్నీల్లో దాదాపు నాలుగో వంతు ఎవరికీ పెట్టకుండా పారేస్తున్నారు. కొన్ని నిజంగానే పనికిరానివి. అన్నీ కాదు. మార్పిడి కేంద్రాలను తొలి ఏడాది ఫలితాలను బట్టి అంచనా వేస్తారు కాబట్టి, కొంచెం అనుమానమున్న కిడ్నీని వద్దనడం వాటికి క్షేమం. ఒక్కో ఆసుపత్రీ వద్దంటూ పోతే గంటలు గడుస్తాయి. మంచులో పెట్టిన కిడ్నీ ఒకటి ఒకటిన్నర రోజుకు మించి ఆగదు. ఆఖరున ఒప్పుకునేవారు దొరికేసరికి అది నిజంగానే పనికిరాకుండా పోతుంది. సరుకు తక్కువై కాదు, నిర్ణయించేవారి లాభనష్టాలు రోగి లాభనష్టాలతో కలవకపోవడం వల్ల పుట్టిన కొరత ఇది.

డబ్బు లేకుండానే సరఫరా పెంచిన ఉపాయం ఆర్థికవేత్తలదే కావడం విశేషం. భార్యకు కిడ్నీ ఇవ్వడానికి భర్త సిద్ధంగా ఉన్నా రక్తం గ్రూపు కలవదు. ఇంకో ఊళ్లో ఇంకో జంటదీ ఇదే అవస్థ. ఈ భర్త కిడ్నీ ఆ ఇంటి రోగికి, ఆ ఇంటి దాత కిడ్నీ ఈ భార్యకు సరిపోతే ఇద్దరూ బతుకుతారు. ఇలాంటి జంటలను వెతికి కలిపే పద్ధతిని ఆల్విన్ రాత్, తైఫున్ సోన్మెజ్, ఉత్కు ఉన్వర్ 2004లో రూపొందించారు. రాత్‌కు 2012లో లాయిడ్ షేప్లీతో కలిపి వచ్చిన నోబెల్ బహుమతికి ఈ పని కూడా కారణం. ఇక్కడా ఒక చిక్కుంది. తనవారికి కిడ్నీ అందాక ఒక దాత మనసు మార్చుకుంటే, ఇస్తానన్న మాటను కోర్టు బలవంతంగా అమలుచేయదు. అందుకే మొదట్లో నాలుగు ఆపరేషన్లూ ఒకేసారి మొదలుపెట్టేవారు. అలా చేయాలంటే నాలుగు థియేటర్లు, నాలుగు సర్జన్ల బృందాలు ఒకే ఉదయం ఖాళీగా ఉండాలి. కిడ్నీ దొరికాక థియేటర్లకు కొరత వచ్చిందన్నమాట. ఎవరికీ ముడిపడని దాత ఒకరు ముందుగా ఇచ్చి గొలుసు మొదలుపెట్టే పద్ధతి 2007లో వచ్చాక ఆ ఒత్తిడి తగ్గింది. ఇప్పుడు అమెరికాలో ఈ మార్పిడులు ఏడాదికి వెయ్యి దాటుతున్నాయి. 90 వేల క్యూ పక్కన అది చిన్న అంకే.

ఈ ప్రసంగం తయారుచేసుకునే విద్యార్థికి పనికొచ్చే చివరి విషయం ఇది. గీతకు ఇటు ఉన్నవారికి అంతా, అటు ఉన్నవారికి ఏమీ లేదు అన్న పద్ధతిని వదిలి, ప్రతి రోగికీ అన్ని అంశాలూ కలిపి ఒకే మొత్తం మార్కు వేయాలని అమెరికా అవయవ పంపిణీ వ్యవస్థ నిశ్చయించింది. ఊపిరితిత్తులకు ఆ పద్ధతి 2023 మార్చిలో అమల్లోకి వచ్చింది. కిడ్నీల కోసం ఎదురుచూపుకు ఎన్ని మార్కులు, ఆయుష్షుకు ఎన్ని, దూరానికి ఎన్ని అని రోగులను, దాతల కుటుంబాలను, వైద్యులను, సాధారణ ప్రజలను అడిగి అభిప్రాయాలు సేకరించారు. క్లబ్బులోనూ ఇదే చేయించవచ్చు. వంద మార్కులు ఇచ్చి ఈ అంశాల మధ్య పంచమంటే, ఎవరి పంపకమైనా ఒక అంశానికి ఒక్క మార్కు కలిపితే మరోచోట ఒకటి తగ్గించక తప్పదు.